ఏ ఊరి పది గంటలు?

తునిలో మా పెద్దనాన్న ఇంటి వసారాలో ఒక మూలన చిన్న చెక్కబల్ల ఉండేది. దాని మీద పెద్దమ్మ అల్లిన లేసు గుడ్డ, గుడ్డ మీద బూడిదరంగు టెలిఫోను. మా ఊళ్ళో సెల్‌ఫోనుకు సిగ్నలు సరిగా అందేది కాదు. డాబా ఎక్కి ఒక మూలకు వెళ్తే రెండు గీతలు కనబడేవి, మాట మొదలుపెట్టగానే అవీ పోయేవి. అందుకే దరఖాస్తులో ఫోను నంబరు అడిగిన చోట పెద్దనాన్న ఇంటి నంబరు రాశాను.

ఆ దరఖాస్తు ఐర్లాండుకు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. సముద్ర జీవుల మీద పీజీ చేయాలని నాకు గట్టి కోరిక. అక్కడి ఒక విశ్వవిద్యాలయం బయటి దేశాల విద్యార్థులకు పూర్తి ఫీజుతో పాటు ఖర్చులకు కూడా స్కాలర్‌షిప్ ఇస్తోందని మా లెక్చరర్ మేడం చెప్పారు. నాన్నది తమలపాకు తోట. గాలివాన వస్తే పందిళ్ళు ఒరిగిపోయే వ్యవసాయం. స్కాలర్‌షిప్ లేకుండా నేను ఆ దేశం పేరు ఎత్తే ప్రశ్నే లేదు. అమ్మ కూడా ఆ మాట మెత్తగానే అయినా ముందే చెప్పింది.

అది 2009. ఫిబ్రవరిలో దరఖాస్తుకు చివరి గడువు చెబుతూ వాళ్ళ నుంచి ఒక మెయిల్ వచ్చింది. సాయంత్రం 17.00 GMT లోపు పంపాలని అందులో ఉంది. నెట్ సెంటర్‌లో కూర్చుని వేళ్ళు ముడిచి లెక్క వేసుకున్నాను. జీఎంటీకి అయిదున్నర కలిపితే మనకు రాత్రి పదిన్నర. ఎందుకైనా మంచిదని సాయంత్రం నాలుగింటికే పంపేశాను. ఈ చిన్న సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తరువాత నేను పొరబడటానికి బీజం అక్కడే పడింది. వాళ్ళు తమ సమయం చెప్పదలిస్తే GMT అని రాస్తారు, మనం అయిదున్నర కలుపుకోవాలి. ఈ సూత్రం నా బుర్రలో స్థిరపడిపోయింది.

ఏప్రిల్ మొదటి వారంలో ఇంకో మెయిల్ వచ్చింది. తొలి వడపోతలో నా పేరు నిలిచిందట. ముగ్గురు అధ్యాపకులు ఫోనులో మాట్లాడతారట, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలట. కింద నా పేరు, పెద్దనాన్న ఇంటి నంబరు, వాటి పక్కన సమయం:

```
Wed 15/04, 10.00 IST
```

అంతే. దేశం పేరు లేదు, ఊరి పేరు లేదు, ఉదయమా సాయంత్రమా అని లేదు. అయినా నాకు ఆ వరుసలో సందేహం కలిగించేది ఒక్క అక్షరం కూడా కనిపించలేదు. పైగా సంతోషం వేసింది. పోయినసారి లెక్క మనకు వదిలేశారు, ఈసారి పాపం మనకోసం వాళ్ళే మార్చి భారత కాలమానంలో రాశారు అనుకున్నాను. IST అంటే ఇండియన్ స్టాండర్డ్ టైమ్ కాక ఇంకేమిటి?

అందులోనూ మా ఇంటివాళ్ళకు. పెద్దనాన్న ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భారత కాలమానం ఆయనకు ఇంటి ఆస్తి లాంటిది. దేశమంతటికీ గడియారం దిద్దే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర నుంచి దిగివచ్చి మన అన్నవరానికి, తునికి మధ్యగా పోయి సముద్రంలో దిగుతుందని ఆయన పిల్లలకు పటం మీద చూపించేవారు. పాఠ్యపుస్తకాల్లో కాకినాడ పేరు రాస్తారు కానీ, పటం దగ్గరగా చూస్తే రేఖ మన వైపే జరిగి ఉందని ఆయన వాదన. మా ఊరు ఆ రెంటికీ మధ్యనే. చిన్నప్పుడు బస్సులో వెళ్తుంటే ఆ గీత ఎక్కడైనా నేల మీద కనబడుతుందేమోనని కిటికీలోంచి చూసేదాన్ని. ఆ గీత మీద పుట్టి పెరిగినదానికి ఆ మూడు అక్షరాలు ఇంకో దేశానివి కూడా కావచ్చునన్న ఊహ ఎలా వస్తుంది?

సమయం అందినట్టు తిరిగి రాయమన్నారు. రాశాను. "15/04, 10.00 IST, నేను సిద్ధంగా ఉంటాను" అని, వాళ్ళ వరుసను అలాగే ఎత్తి, ఎంతో మర్యాదగా. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు తలుచుకున్నది ఆ జవాబునే. వాళ్ళ అక్షరాలనే వాళ్ళకు తిరిగి పంపాను కాబట్టి నా మనసులో ఉన్న పది గంటలు వాళ్ళకు కనబడే దారి లేకపోయింది. "ఉదయం పది గంటలు, భారతదేశంలో" అని నాలుగు మాటలు సొంతంగా రాసి ఉంటే, అక్కడి ఉద్యోగిని చదివిన వెంటనే ఉలిక్కిపడేది. ఇద్దరం ఒకే మాట అనుకుంటున్నామని ఇద్దరికీ నమ్మకం కుదిరింది. కాగితం మీద అది నిజమే కూడా.

ఇక ఆ బుధవారం. ముందు రోజు రాత్రే తుని చేరాను. పెద్దమ్మ పంచాంగం తీసి చూసింది. విరోధి నామ సంవత్సరం మొదలై అప్పటికి మూడు వారాలు కాలేదు, పంచాంగానికి పూసిన పసుపు ఇంకా తాజాగానే ఉంది. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర వరకు. "పది గంటలంటే దివ్యంగా ఉంది, రాహుకాలం జోలికే పోదు" అని కళ్ళకద్దుకుంది.

తొమ్మిదిన్నరకే బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో నోటుబుక్కు. రొయ్యల చెరువుల్లో వచ్చే తెల్లమచ్చల వ్యాధి మీద నేను చేసిన చిన్న ప్రాజెక్టు వివరాలు, అడగవచ్చుననుకున్న ప్రశ్నలు, వాటికి బట్టీ పట్టిన జవాబులు. వీధిలో ఎన్నికల ప్రచార ఆటోలు మైకులతో తిరుగుతున్నాయి. మా వైపు పోలింగుకు ఇంకా వారం ఉంది. ఆటో వచ్చిన ప్రతిసారీ పెద్దమ్మ లేచి కిటికీ రెక్కలు మూసేది, పోయాక గాలి కోసం మళ్ళీ తెరిచేది.

పది అయింది. ఫోను మోగలేదు. పదింపావు, పదిన్నర. రిసీవరు ఎత్తి చూశాను, డయల్ టోన్ ఉంది. ఎత్తిన ఆ రెండు క్షణాల్లోనే ఫోను వచ్చి ఉంటే ఎలా అని గుండె దడదడలాడింది. పదకొండుకు ఒకసారి మోగింది. పెద్దనాన్న పెన్షనర్ల సంఘం మిత్రుడు. "తరువాత మాట్లాడదాం బాబూ, పిల్లకు ఇంటర్వ్యూ ఉంది" అని ఆయన వెంటనే పెట్టేశారు. ఆ తరువాత ఇల్లంతా నిశ్శబ్దం. నా నోటుబుక్కు అంచు చెమటకు మెత్తబడిపోయింది.

పన్నెండు కావస్తుండగా పెద్దనాన్న నన్ను పెరట్లోకి పిలిచారు. "వసారా తలుపు తీసే ఉంది, మోగితే వినబడుతుందిలే, రా తల్లీ" అన్నారు. నా ముఖం చూసి మనసు మళ్ళించాలనుకున్నారని తరువాత అర్థమైంది. తులసికోట పక్కన నేలలో మూరెడు కర్ర పాతి ఉంది. ఏటా ఏప్రిల్ 15న ఆయన ఆ పని చేసేవారు. సూర్యుడు కొన్ని నెలల్లో గడియారానికి ముందు నడుస్తాడు, కొన్ని నెలల్లో వెనక పడతాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పే రోజులు ఏడాదికి నాలుగే. వాటిలో ఒకటి ఏప్రిల్ 15. పైగా మనం రేఖాంశం పక్కనే ఉన్నాం. కనుక ఆ రోజు మా పెరట్లో, గడియారంలో పన్నెండైన నిమిషానికే సూర్యుడు సరిగ్గా నడినెత్తి గీత దాటుతాడు. ఆయన చేతి గడియారం చూస్తూ "ఇదిగో" అన్నారు. కర్ర నీడ మూడు వేళ్ళ వెడల్పుకు కుదించుకుపోయి, నిక్కచ్చిగా ఉత్తరానికి తిరిగి ఉంది. "దేశంలో ఎక్కడా గడియారం ఇంతకంటే నిజం చెప్పదమ్మా" అన్నారు.

ఆ మాట ఆయన ఎంత గర్వంగా అన్నారో నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అదే నిమిషంలో డబ్లిన్ గడియారంలో ఉదయం ఏడున్నర. నాతో మాట్లాడాల్సిన ముగ్గురూ ఇంకా ఇళ్ళలోనే ఉండి ఉంటారు.

ఒంటిగంటకు పెద్దమ్మ బలవంతాన నాలుగు ముద్దలు తినిపించింది. వాయిదా వేసి ఉంటారు, మెయిల్ పంపే ఉంటారు అని అందరం అనుకున్నాం. వెళ్ళి చూద్దామంటే నెట్ సెంటర్‌లో కరెంటు లేదు. రెండింటికి వస్తుందన్నారు. ఎండలో ఒక్కదాన్నే ఎందుకని పెద్దనాన్న గొడుగు తీసుకుని నాతో బయలుదేరారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడగలిగిన ఇద్దరమూ అలా రెండుంపావుకు గుమ్మం దాటాం.

కరెంటు వచ్చి, కంప్యూటర్ లేచి, మెయిల్ తెరుచుకునేసరికి రెండున్నర అయింది. కొత్త మెయిల్ ఏదీ లేదు. కళ్ళు మండుతున్నాయి. అయినా ఓపిక కూడదీసుకుని రాశాను, "ఈ ఉదయం పది గంటల నుంచి మీ ఫోను కోసం ఎదురుచూశాను, రాలేదు, దయచేసి మరో సమయం ఇవ్వగలరా" అని. పంపే మీట నొక్కి ఇంకా కుర్చీలోంచి లేవలేదు. పక్కింటి కుర్రాడు సైకిలు గోడకు ఆనించి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఫోను వచ్చింది! రెండుసార్లు వచ్చింది! మామ్మ రమ్మంటోంది!"

వాడి సైకిలు వెనక కూర్చున్నాను. పెద్దనాన్న గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని ఎండలోనే గబగబా నడిచి వచ్చారు. నేను ఇల్లు చేరేసరికి మూడు. పెద్దమ్మ ఫోను పక్కన నిలబడే ఉంది. మూడోసారి కూడా మోగి ఆగిపోయిందని చెప్పింది. "ఒకావిడ. నీ పేరు చెప్పింది. అమ్మాయి వస్తుంది, ఉండమ్మా ఉండు అని తెలుగులోనే చెప్పాను. పాపం, ఏదో చెప్పి పెట్టేసింది."

ఇంటి ఫోనుకు విదేశాలకు మాట్లాడే సౌకర్యం లేదు. వీధి చివర ఐఎస్‌డీ బూతుకు పరుగెత్తాను. మెయిల్ అడుగున ఉన్న నంబరు, 353తో మొదలయ్యేది, చేయి వణుకుతూ రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి సరిగా నొక్కాను. అద్దాల గదిలో ఊపిరాడని ఉక్క. ఎదురుగా మీటరులో ఎర్ర అంకెలు మారుతున్నాయి. అవతల ఒక స్త్రీ గొంతు, ఎంతో నెమ్మదిగా, నొచ్చుకుంటున్నట్టుగా. నా పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"మీ సమయం పది గంటలకమ్మా. మూడుసార్లు చేశాం. ఇప్పుడు పది ముప్పై అయిదు. కమిటీ తరువాతి అభ్యర్థితో మాట్లాడుతోంది."

బూతు గోడకు ఒక గడియారం ఉంది. దాని మీద ఏదో ఎరువుల కంపెనీ బొమ్మ. మూడు గంటల అయిదు నిమిషాలు. ఆమె చెప్పిన పది ముప్పై అయిదు చెవిలో, ఆ మూడూ అయిదు కళ్ళ ముందు. అంతసేపూ నేను ఎదురుచూసింది ఒక పది గంటల కోసమని, వాళ్ళు ఫోను చేసింది ఇంకో పది గంటలకని అక్కడ నిలబడే తెలుసుకున్నాను. "కానీ మీరు IST అని రాశారు" అన్నాను. "అవును, ఐరిష్ స్టాండర్డ్ టైమ్" అంది ఆమె. ఆ గొంతులో దాపరికం లేదు, గదమాయింపు లేదు. ఇందులో సందేహానికి చోటెక్కడుందో ఆమెకూ నిజంగానే తెలియలేదు.

ఆ తరువాత వివరాలు నేనే వెతుక్కున్నాను. ఐర్లాండులో చట్టప్రకారం జీఎంటీకి ఒక గంట ముందుండే సమయమే ప్రామాణిక సమయం. 1968 నాటి చట్టం అది. 1971లో దాన్ని సవరించి, చలికాలంలో మాత్రం ఒక గంట వెనక్కి జరిగి జీఎంటీ పాటించేలా చేశారు. కనుక చలికాలంలో వాళ్ళు GMT అని రాస్తారు. మార్చి చివరి ఆదివారం గడియారాలు ముందుకు జరగ్గానే IST అని రాస్తారు. ఫిబ్రవరి మెయిల్‌లో GMT, ఏప్రిల్ మెయిల్‌లో IST ఉండటానికి కారణం నా మీద దయ కాదు. ఆ ఏడాది మార్చి 29న వాళ్ళ గడియారం మారింది, అంతే. నా ఇంటర్వ్యూ పద్దెనిమిది రోజుల ముందు జరిగి ఉంటే అదే ఉద్యోగిని 10.00 GMT అని రాసేది, నేను అయిదున్నర కలిపి మూడున్నరకు కూర్చునేదాన్ని, ఫోను సరిగ్గా మోగేది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ IST వాళ్ళదేనని నాకు ఏప్రిల్‌లో తట్టినా, ఐర్లాండు అంటే జీఎంటీ అన్న పాత సూత్రంతో మూడున్నరకే కూర్చుని ఉండేదాన్ని. ఫోను రెండున్నరకు వచ్చింది. వేసవిలో వాళ్ళకూ మనకూ తేడా నాలుగున్నర గంటలే. అంటే సగం తెలిసినా స్లాటు పోయేదే. నన్ను కాపాడగలిగింది ఒకే ఒక్క ఆలోచన. నా పది గంటలకు వాళ్ళ దగ్గర టైమెంత? తెల్లవారుజామున అయిదున్నర. ముగ్గురు ప్రొఫెసర్లు ఆ వేళకు లేచి ఆఫీసులో కూర్చుని ఎవరికైనా ఫోను చేస్తారా? ఈ ప్రశ్న ఒక్కసారి వేసుకుని ఉంటే ఆ వరుసలోని మోసం అక్కడే బయటపడేది. నేను సమయాన్ని నా వైపు నుంచే చూశాను. అవతలి వైపు నిలబడి చూడలేదు.

మూడు రోజులకు జవాబు వచ్చింది. ఇంటర్వ్యూలు రెండు రోజుల్లో ముగిశాయని, కమిటీ జాబితా ఖరారు చేసిందని, సమయం విషయంలో గందరగోళం కలిగినందుకు విచారిస్తున్నామని. అయితే నేను సమయాన్ని నిర్ధారిస్తూ రాసిన మెయిల్ తమ వద్ద ఉందని కూడా. సీటు ఇస్తామన్నారు, ఫీజు మేమే కట్టుకుంటే. ఆ అంకెను రూపాయల్లోకి మార్చి నాన్నకు చెప్పలేదు. నాకు వాళ్ళ మీద కోపం లేదని చెప్పలేను. వేర్వేరు దేశాల పిల్లలకు ఒకే మెయిల్ పంపేటప్పుడు, సమయం పక్కన డబ్లిన్ అన్న ఒక్క ఊరి పేరు రాయడం ఎంతసేపటి పని? ఇరవై నిమిషాల స్లాటు అయిపోయాక, రోజు చివర ఒక అయిదు నిమిషాలు మళ్ళీ ప్రయత్నించడం అసాధ్యమా? ఆ రెండు ప్రశ్నలు ఈనాటికీ నాలో అలాగే ఉన్నాయి.

ఆ రాత్రి పెద్దనాన్న అన్నం సరిగా తినలేదు. నా చేతిలోని ప్రింటు కాగితం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. తరువాత పంచాంగం తెచ్చి నా ముందు తెరిచారు. మొదటి పుటల్లోనే ఉంది, ఈ గణితం ఏ ఊరి సూర్యోదయానికి చేసిందో. "చూశావా అమ్మా, తిథి ఎప్పటికి ముగుస్తుందో చెప్పే పంచాంగం కూడా ముందు ఊరి పేరు చెబుతుంది. పెళ్ళి ముహూర్తం అడిగితే పురోహితుడు పెళ్ళి ఏ ఊళ్ళో అని అడుగుతాడు. నేను ముప్పై ఏళ్ళు రేఖాంశాల పాఠం చెప్పాను. ఏ ఊరి పది గంటలు అని నిన్ను అడగాల్సింది నేను. నాకు తట్టలేదు" అన్నారు. ఆయన గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన తప్పేమీ లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. తరువాత ఎన్నో ఏళ్ళు, ఇంటికి ఎవరు వచ్చి ఏ సమయం చెప్పినా "ఏ ఊరి టైము?" అని అడగడం ఆయనకు అలవాటైపోయింది. రైలు సమయానికి కూడా అడిగేవారు. పిల్లలు నవ్వేవారు, నేను నవ్వలేకపోయేదాన్ని.

పీజీ విశాఖపట్నంలోనే చేశాను. ఇప్పుడు ఒక కళాశాలలో పాఠం చెబుతున్నాను. విద్యార్థుల ఇంటర్వ్యూ సమయాలు రాసి పంపే పని నేనే అడిగి తీసుకున్నాను. నేను పంపే సందేశంలో వారం, తేదీ, నెల పేరు అక్షరాల్లో ఉంటాయి. ఉదయమో మధ్యాహ్నమో ఉంటుంది. బయటి దేశంలో ఎవరైనా ఉంటే రెండు ఊళ్ళ సమయాలూ పక్కపక్కన ఉంటాయి. మూడక్షరాల పొట్టి పేర్లు నేను వాడను. ఇజ్రాయెల్ వాళ్ళ ప్రామాణిక సమయానికి కూడా IST అనే పేరు. BST అంటే బ్రిటన్ వేసవి సమయమూ అవుతుంది, బంగ్లాదేశ్ సమయమూ అవుతుంది. CST అమెరికాలో ఒకటి, చైనాలో ఇంకొకటి. కంప్యూటర్లు కూడా లోపల ఈ పొట్టి పేర్లను నమ్ముకోవు. Asia/Kolkata, Europe/Dublin అని ఊరి పేరుతోనే సమయాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఈ సంగతి తెలిసినప్పుడు పెద్దనాన్నకు ఫోను చేసి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత "మంచిదమ్మా" అన్నారు.

రెండేళ్ళ క్రితం జూన్‌లో మా విద్యార్థిని ఒకామె ఫోనుతో నా గదిలోకి వచ్చింది. అమెరికాలో ఒక ఫెలోషిప్‌కు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. మెయిల్‌లో 9:00 AM EST అని ఉంది. "మేడం, మనకు రాత్రి ఏడున్నర కదా?" అంది. లెక్క ప్రకారం ఆమె చెప్పింది సరే. EST అంటే చలికాలపు సమయం, దానికీ మనకూ పదిన్నర గంటల తేడా. కానీ అది జూన్. అప్పుడు అక్కడ నడిచేది EDT, తేడా తొమ్మిదిన్నరే. అక్కడివాళ్ళు చాలామంది అలవాటు కొద్దీ ఏడాది పొడవునా EST అనే రాస్తారు. వాళ్ళ ఉద్దేశం గోడ గడియారంలో తొమ్మిదైతే మనకు సాయంత్రం ఆరున్నర. రాసిన అక్షరాన్నే నమ్మితే ఏడున్నర. గంట తేడా. స్లాటు అరగంట.

ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకుని జవాబు రాయించాను. వాళ్ళ వరుసను ఎత్తి రాయవద్దన్నాను. "న్యూయార్క్ నగరంలో ఉదయం తొమ్మిది, అంటే భారతదేశంలో అదే రోజు సాయంత్రం ఆరున్నరకు నేను సిద్ధంగా ఉంటాను. ఇది సరైనదేనా?" అని ఆమె సొంత మాటల్లో. మర్నాటికల్లా జవాబు వచ్చింది. అవును, న్యూయార్క్ గడియారమే, సాయంత్రం ఆరున్నరే అని. ఆమె ఆ రోజు సమయానికి మాట్లాడింది. ఫెలోషిప్ వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. కమిటీ ఆమె మాట విన్నది, అది చాలు నాకు.

పెద్దనాన్న పోయి నాలుగేళ్ళయింది. మొన్న సంక్రాంతికి తుని వెళ్ళినప్పుడు పెద్దమ్మ పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే పక్కన కూర్చున్నాను. అడుగున పాత క్యాలెండర్ పుటలు కొన్ని పరిచి ఉన్నాయి. 2009 ఏప్రిల్ పుట చేతికి వచ్చింది. పదిహేనో తేదీ గడిలో, తిథి నక్షత్రాల చిన్న అక్షరాల మీదుగా, పెద్దమ్మ చేతిరాత. పెన్సిలుతో ఒకదాని కింద ఒకటి. 2-30. 2-41. 2-52.

"ఇవేమిటి పెద్దమ్మా?" అన్నాను, తెలిసే.

ఆమె పుటను వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఆ రోజు ఆవిడ చేసిన ఫోన్లు. మాటలు అర్థం కాకపోయినా గడియారం చూడటం వచ్చు కదా నాకు. నువ్వు రాగానే ఎన్నింటికి చేసిందని అడుగుతావనుకున్నాను" అంది. పుటను చదునుగా దులిపి, మళ్ళీ పెట్టె అడుగున పరిచి, దాని మీద పెద్దనాన్న శాలువా మడిచి పెట్టింది.